ఎరువుల అంగట్లో బాకీ ఎక్కువొస్తే, గొడవ లేకుండా వివరం అడగడం ఎట్లా?

ఈసారి మందుల గురించో, రేట్ల గురించో కాదు. అంగట్లో ఖాతా గురించి రాస్తా ఉండా. మన సదుం పక్క సేద్యం చేసేవాళ్లలో అప్పు ఖాతా లేనోళ్లు తక్కువ. టమోటా నాటేటప్పుడు సరుకు తెచ్చుకుంటాం, కాయ మార్కెట్‌కు పోయినాక కడతాం. మధ్యలో నాలుగైదు నెలలు గడుస్తాయి. ఆ నెలల్లో ఏమి తెచ్చినామో మనకు సగం గుర్తుంటుంది, అంగడాయన పుస్తకంలో మాత్రం అంతా ఉంటుంది. కొన్నిసార్లు మనది కానిది కూడా ఉంటుంది.

పోయిన ఎండాకాలం పంటకు నేను ఎకరన్నర టమోటా పెట్టినా. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఒకే అంగట్లో సరుకు తెచ్చినా. ఎరువులు, యాప పిండి, పురుగు మందులు, కట్టెలకు కట్టే పురికొస, అన్నీ అక్కడే. జులైలో ఖాతా ఎంతయిందని అడిగితే గుమాస్తా పిల్లోడు చిన్న చీటీ చేతిలో పెట్టినాడు. దాని మీద నా పేరు, కింద 71,824 అని ఒకటే అంకె. నేను రాసుకున్న పుస్తకంలో 52,300 ఉంది. పందొమ్మిది వేల పైన తేడా. గుండె గుభేలుమనింది.

ఆ నిమిషంలో నోటికి వచ్చే మాట ఏమి? "ఇంత ఎట్లయిందన్నా? ఏమి రాసినారు?" అంగట్లో అప్పుడు ఏడెనిమిది మంది రైతులుండారు. ఆ మాట అనుంటే ఆయన ముందర ఒకటే దారి ఉంటుంది: "మా పుస్తకంలో తప్పుండదు" అనడం. నలుగురి ముందర ఒకసారి ఆ మాట అన్నాక, తప్పు కనబడినా వెనక్కి తీసుకోవడం ఏ యాపారికీ కష్టం. నేను చీటీ జోబీలో పెట్టుకొని, "సరేన్నా, రెండు రోజుల్లో వస్తా" అని వచ్చేసినా.

ఇంటికొచ్చి నా పుస్తకం తీసినా. ముందు నా తప్పు వెతకాలనుకున్నా, ఎందుకంటే ఆయన పుస్తకం నా చేతిలో లేదు, నాది ఉంది. రెండు సంగతులు తెలిసినాయి. ఒకటి, నా పుస్తకంలో వడ్డీ అనే మాటే లేదు. నూటికి నెలకు రెండు రూపాయలని మొదట్లోనే మాట్లాడుకున్నాం. అది నేను మరిచిపోయినా, ఆయన మరిచిపోడు. రెండు, ఏప్రిల్‌లో నాకు నడుం నొప్పి వచ్చి పది రోజులు మంచం మీద ఉన్నప్పుడు మావాడు అంగడికి పోయినాడు. ఏమి తెచ్చినాడో నేను రాయలేదు.

మూడో రోజు మధ్యాన్నం రెండు గంటలప్పుడు పోయినా. పొద్దన్నే, సాయంత్రం అంగడి నిండా జనం ఉంటారు. ఆ టైములో లెక్క ఎత్తితే పుస్తకం తీసే తీరిక కూడా ఆయనకుండదు. కూర్చున్నాక ముందు 30,000 ఇచ్చినా. నా ఖాతాలో తేదీతో జమ రాయించినా. ఇది ముఖ్యం. లెక్క కట్టకుండా వివరం అడిగితే, ఎగ్గొట్టడానికి వంక వెతుకుతా ఉండాడని అనుకుంటారు. కొంత చేతికిచ్చి అడిగితే ఆ అనుమానం ఉండదు. ఇచ్చినదాని మీద వడ్డీ కూడా ఆ రోజుతో ఆగిపోతుంది. అయితే మొత్తం కట్టేసి అడిగితే మాత్రం తప్పు దిద్దుకునే తొందర ఎవరికీ ఉండదు.

తర్వాత ఇట్లా అన్నా:

"అన్నా, నా పుస్తకానికీ మీ పుస్తకానికీ కొంచెం కుదరడం లేదు. నేను కొన్ని రాసుకోలేదు మాదిరి ఉంది. తేదీ, సరుకు పేరు, ఎన్ని, రేటు, వడ్డీ వేరుగా చెప్పినారంటే నేను రాసుకుంటా. మళ్లీ పంటకు ఎకరాకు ఎంత పడుతుందో నాకూ తెలియాల."

ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. "మీరు తప్పు రాసినారు" అనలేదు, "నేను రాసుకోలేదు" అన్నా. అది నిజమే. అడగాల్సినవి ఐదూ అడిగినా. ఊరికే "వివరం చెప్పండి" అంటే "ఎరువులు ఇంత, మందులు ఇంత" అని రెండు అంకెలు చెప్తారు. వాటితో ఏమీ తేలదు. తేదీ ఉంటేనే ఆ రోజు మనం పోయినామా లేదా గుర్తొస్తుంది. రేటు ఉంటేనే సంచి మీద అచ్చేసిన ధరతో చూసుకోవచ్చు.

ఆయన "దాందేముందన్నా" అని పుస్తకం తీసినాడు. ఆయన చదివినాడు, నేను రాసుకున్నా. కుదిరినవాటికి పక్కన గీత పెట్టినా. కుదరని చోట ఆపి గొడవ పెట్టకుండా చుక్క పెట్టుకొని ముందుకు పోయినా. మొదటి రెండు పేజీలు అంతా కుదిరింది. అది మంచిదయింది, ఇద్దరికీ మనసు నిమ్మళించింది. చివరకు ఐదు చుక్కలు మిగిలినాయి.

మొదటి చుక్క, ఏప్రిల్‌లో 5,640కి నీళ్లలో కలిసే 19-19-19 ఎరువు, రెండు రకాల మందులు. మావాడికి ఫోన్ చేసినా. "అవును నాయనా, నేనే తెచ్చినా" అన్నాడు. నాదే.

రెండోది ఆటో బాడుగ 500. యాప పిండి చేను కాడికి తోలించుకున్నా. అదీ నాదే, రాసుకోలేదు.

మూడోది డీఏపీ రెండు సంచులు, 2,700. ఫిబ్రవరిలో తెచ్చి, మిగిలితే కుట్టు విప్పకుండానే మార్చిలో వాపసు ఇచ్చినా. నా పుస్తకంలో తీసేసినా, ఆయన పుస్తకంలో తీయలేదు. "వాపసు ఇచ్చిన రోజు మీరు లేరన్నా, పిల్లోడు దించుకున్నాడు" అన్నా. పిల్లోడిని పిలిచి అడిగితే గుర్తుందన్నాడు. కొట్టేసినాడు. ఆ రోజే ఒక చీటీ తీసుకోనుంటే ఇదంతా అవసరముండేది కాదు. పిల్లోడు మానేసిపోయి ఉంటే నా 2,700 పోయినట్టే.

నాలుగోది మల్చింగ్ షీటు రెండు చుట్టలు, 4,200. నేను ఈసారి మల్చింగే వేయలేదు. ఇక్కడ "ఇది నాది కాదు" అని కొట్టినట్టు చెప్పకుండా, "ఏప్రిల్‌కు నా చెట్లు నడుం ఎత్తు ఉన్నాయన్నా, అప్పుడు షీటు ఏడ పరుస్తా?" అన్నా. ఆయన నవ్వి, కొంచేపు ఆలోచించి, పక్క ఊర్లో నా పేరే ఉన్న ఇంకో ఆయన ఖాతా తీసినాడు. ఇంటిపేరు మొదటి అక్షరం కూడా మా ఇద్దరికీ ఒకటే. ఆయనకు ఫోన్ చేసి కనుక్కొని అటు మార్చినాడు. ఆ రోజు నుంచి నా ఖాతా మీద ఊరి పేరు, ఫోన్ నంబరు రాయించినా.

ఐదోది వడ్డీ, 6,484. ఇది ఎట్లా వచ్చిందని అడిగితే మొత్తం 64,840కి నూటికి రెండు లెక్కన ఐదు నెలలకు వేసినారు. కానీ నేను మొత్తం సరుకు ఫిబ్రవరిలో తేలేదు కదా. ఈ ఒక్క మాట మాత్రం సూటిగా అడిగినా: "వడ్డీ రేటు మనం అనుకున్నదే, దాంట్లో మాట లేదు. కానీ ఏప్రిల్ సరుకుకు మూడు నెలలే కదన్నా అయింది?" ఆయన ఒప్పుకున్నాడు. ఫిబ్రవరి సరుకు 24,000కి ఐదు నెలలు, మార్చిది 16,000కి నాలుగు, మావాడు తెచ్చినదీ కలిపి ఏప్రిల్‌ది 17,940కి మూడు నెలలు వేస్తే 4,756 వచ్చింది.

అంతా కలిపితే 63,196 తేలింది. ముందు చెప్పిన దానికంటే 8,628 తగ్గింది. ఇప్పుడు ఇంకో పక్క చూడండి. 19,524 తేడాలో మిగతా 10,896 నిజంగా నాదే. అంటే తప్పులో పెద్ద సగం నా పుస్తకానిదే. ఆ మొదటి రోజు నలుగురిలో "మోసం" అని ఉంటే, నేను అన్న మాటలో సగానికి పైన అబద్ధం అయ్యుండేది. ఆ 8,628 కూడా తిరిగొచ్చేది కాదేమో. మళ్లీ పంటకు ఆ అంగట్లో అప్పు పుట్టేది కాదు.

ముఖాముఖి అడగడం మొహమాటమైతే ఫోన్‌లో ఇట్లా పంపొచ్చు: "అన్నా, నమస్తే. నా ఖాతా ఇంత అన్నారు. నా పుస్తకంలో కొన్ని రాసుకోలేదు మాదిరి ఉంది. తేదీ, సరుకు, ఎన్ని, రేటు, వడ్డీ వేరుగా రాసి పంపితే సరిచూసుకొని మిగతాది కట్టేస్తా." పుస్తకం పేజీ ఫోటో తీసి పంపమన్నా చాలు.

బిల్లు అడిగితే అవమానం అనుకునే యాపారులు కూడా ఉంటారు. వాళ్లకు మెత్తగానే చెప్పొచ్చు, ఇది మన కొత్త కోరిక కాదని. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఎరువు నగదుకు అమ్మినా అప్పుకు అమ్మినా డీలరు బిల్లు ఇవ్వాల్సిందే. సబ్సిడీ ఎరువులకు 2018 నుంచి వేలిముద్ర మిషన్ కూడా ఉంది కదా. యూరియా, డీఏపీ లాంటివాటికి వేలు పెట్టినప్పుడు వచ్చే చీటీ అడిగి తీసుకోండి. దాని మీద అచ్చు తొందరగా మాసిపోతుంది, ఆ రోజే ఫోటో తీసుకోండి. మల్చింగ్ షీటు, పురికొస లాంటివి ఆ మిషన్‌లో రావు. నా తేడా వచ్చింది కూడా అట్లాంటి దాంట్లోనే. వాటికి చేతిరాత చీటీ అయినా ఉండాల.

ఎన్నిసార్లు అడిగినా వివరం ఇవ్వకుండా, మొత్తం అంకె మీద ప్రోనోటు సంతకం పెట్టమంటే మాత్రం పెట్టొద్దండి. "లెక్క కుదిరిన రోజే పెడతానన్నా" అని చెప్పి, మనకు తెలిసిన వరకు కట్టి, జమ రాయించుకొని రండి. ఎరువులకు బిల్లు ఇవ్వకపోతే మండల వ్యవసాయ అధికారికి చెప్పొచ్చు. వడ్డీ తగాదా ఆయన చేతిలో ఉండదు, అది మనిద్దరం కూర్చొని తేల్చుకోవాల్సిందే.

మరుసటి వారం మదనపల్లి మార్కెట్లో కాయ దుడ్లు రాగానే మిగిలిన 33,196 కట్టేసినా. పుస్తకంలో "ఖాతా సరి" అని తేదీతో రాయించి, ఆయన సంతకం ఉన్న పేజీకి ఫోటో తీసుకున్నా. వచ్చేటప్పుడు ఆయనే అన్నాడు, "అన్నా, ఇంక నెలనెలా వచ్చి చూసుకొని పో, నాకూ సులువు" అని. ఇప్పుడు ప్రతి నెలా మొదటి వారం పోతా ఉండా. పది నిమిషాల్లో అయిపోతుంది.