గడువు దాటిన లోను ఫైలుకు ఒక ఉత్తరం

బ్యాంకులో నా ఉద్యోగం చాలాకాలం ఇంటి లోన్ల సెక్షన్‌లోనే గడిచింది. ఫిర్యాదు ఉత్తరాలు మేనేజరు గారి పేరున వచ్చినా, ఫైలు వెతికి జవాబు తయారుచేసే పని మా బల్ల మీదికే వచ్చేది. వాటిలో ఎక్కువ భాగం నిజమైన బాధతో రాసినవే. కానీ చదివి పక్కన పెడితే అడిగేవాళ్లెవరూ ఉండరు, ఎందుకంటే వాటిలో కోపం ఉంటుంది, తేదీ ఉండదు. రిటైరయ్యాక మా వీధివాళ్లకు అలాంటి ఉత్తరాలు రాసిపెడుతున్నాను. ఒక ఆర్టీసీ మెకానిక్ కోసం రాసినదాని సంగతి చెబుతాను.

అతను విజయవాడలో ఒక పాత ఫ్లాటు 38 లక్షలకు మాట్లాడుకుని, 4 లక్షలు అడ్వాన్సు ఇచ్చి మే 20న అగ్రిమెంటు రాసుకున్నాడు. మూడు నెలల్లో, అంటే ఆగస్టు 20 లోగా రిజిస్ట్రేషన్ కాకపోతే అడ్వాన్సు వదులుకోవాలని అందులో ఉంది. జూన్ 5న 28 లక్షల లోనుకు దరఖాస్తు పెట్టాడు. జూలై మూడోవారం దాటినా బ్రాంచిలో ఒకటే మాట: “ప్రాసెస్‌లో ఉంది, మెసేజ్ వస్తుంది.”

అతను రాసుకొచ్చిన ఉత్తరం రెండు పేజీలుంది. పాతికేళ్లుగా తన జీతం ఆ బ్యాంకులోనే పడుతోందని, కౌంటరులో తనను చులకనగా చూశారని, కోర్టుకు వెళతానని రాశాడు. ఏదీ అబద్ధం కాదు. అయితే అది నా పాత బల్ల మీదికి వచ్చి ఉంటే, “మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది” అన్న ఒక్క వాక్యంతో మూసేయడానికి వీలయ్యేది.

“నీ దగ్గర రసీదు ఉందా?” అని అడిగాను.

“ఉంది బాబాయ్. దాంతో ఏం పని?”

ఉన్న పనంతా దాంతోనే. దరఖాస్తు నంబరు, తేదీ, కింద చిన్న అక్షరాల్లో గడువు దాని మీదే ఉన్నాయి. పత్రాలన్నీ అందిన తర్వాత 15 పనిదినాల్లో నిర్ణయం తెలుపుతామని రాసి ఉంది. ఇక్కడ “అన్నీ అందిన తర్వాత” అన్న మాటను వదలకూడదు. గడువు దాటిందని అడిగిన ప్రతిసారీ బ్యాంకు పట్టుకునేది దాన్నే: ఇంకా ఏదో ఒక కాగితం రావాలి, కాబట్టి లెక్క మొదలే కాలేదు అంటుంది. అందుకని దరఖాస్తు తేదీ కన్నా చివరి కాగితం ఇచ్చిన తేదీ ముఖ్యం. అతను చివరిగా ఇచ్చింది ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, జూన్ 12న. ప్రాసెసింగ్ ఫీజు ఖాతాలోంచి పోయింది కూడా ఆ రోజే. వాల్యుయేషన్ ఇంజనీరు వచ్చి ఫ్లాటు కొలిచింది జూన్ 19న. అంటే ఫైలు నడిచింది, ఆ తర్వాత ఎక్కడో ఆగింది. ఆదివారాలు, సెలవులు తీసేసి లెక్కపెట్టినా గడువు జూలై మొదటివారంలోనే ముగిసింది.

ఇక ఏం అడగాలి? ఎక్కువమంది “వెంటనే లోను మంజూరు చేయండి” అని రాస్తారు. లోను ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయం. దాన్ని మార్చమని రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ కూడా చెప్పరు. కానీ జవాబు చెప్పకుండా కూర్చోవడం నిర్ణయం కాదు, అది సేవా లోపం. 2003లో రిజర్వు బ్యాంకు తెచ్చిన ఫెయిర్ ప్రాక్టీసెస్ కోడ్ ప్రకారం దరఖాస్తుకు రసీదు ఇవ్వాలి, తగిన సమయంలో పరిశీలించాలి, ఇంకా ఏమైనా కావాలంటే వెంటనే తెలియజేయాలి. లోను కాదంటే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇంటి లోనుకు ఇన్ని రోజులని ఆ కోడ్ గీత గీయలేదు. ఆ 15 రోజులు బ్యాంకు తనంతట తాను ఇచ్చిన మాట. అందుకే రసీదు జిరాక్సు ఉత్తరానికి జతచేయాలి.

అతని రెండు పేజీల స్థానంలో తెలుగులోనే ఇలా రాశాం:

“మేనేజరు గారికి. విషయం: గృహరుణ దరఖాస్తుపై గడువు దాటినా నిర్ణయం తెలపకపోవడం గురించి ఫిర్యాదు. జూన్ 5న నేను చేసిన దరఖాస్తు నంబరు పైన ఇచ్చాను. అడిగిన చివరి పత్రం జూన్ 12న అందజేశాను. అదే రోజు ప్రాసెసింగ్ ఫీజు తీసుకున్నారు. జూన్ 19న మీ ఇంజనీరు ఫ్లాటు చూశారు. రసీదులో మీరు తెలిపిన 15 పనిదినాల గడువు ముగిసింది. ఇంకా పత్రాలు కావాలని నాకెవరూ రాతపూర్వకంగా చెప్పలేదు. ఆగస్టు 20 లోగా రిజిస్ట్రేషన్ కాకపోతే నా అడ్వాన్సు 4 లక్షలు పోతుంది. అగ్రిమెంటు నకలు జతచేశాను. కావున ఏడు రోజుల్లో ఈ మూడింటిలో ఒకటి రాతపూర్వకంగా తెలపగలరు: రుణం మంజూరైనట్టు, లేదా ఇంకా కావలసిన పత్రాల పూర్తి జాబితా, లేదా తిరస్కరించినట్టయితే కారణాలు. ఈ ఉత్తరాన్ని ఫిర్యాదుగా నమోదు చేసి నంబరు ఇవ్వగలరు.”

చులకనగా చూశారన్న మాట తీసేస్తే అతనికి మనసొప్పలేదు. అది వేరే ఫిర్యాదు, వేరే కాగితం మీద రాద్దామన్నాను. రెండూ కలిపితే జవాబు రాసేవాడు తేలికైనదానికి క్షమాపణ చెప్పి, కష్టమైనదాన్ని దాటేస్తాడు. అలాంటి జవాబులు నేను చాలా చూశాను.

చివరి వాక్యం లాంఛనం కాదు. ఫిర్యాదు నంబరు పడ్డాక ఆ కాగితం మేనేజరు సొరుగులో ఉండిపోదు, పైవాళ్లకు కనిపించే లెక్కలోకి వెళుతుంది. రెండో ప్రతి మీద బ్రాంచి ముద్ర, తేదీ, సంతకం తీసుకోమన్నాను. ఇంకో ప్రతి బ్యాంకు నోడల్ అధికారికి స్పీడుపోస్టులో పంపించాను. రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ పథకం ప్రకారం ముందు బ్యాంకుకే రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది తృప్తిగా లేకపోయినా cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, వకీలు అక్కర్లేదు. ఆ 30 రోజులు లెక్కకు రావాలంటే ముద్ర ఉన్న ప్రతి చేతిలో ఉండాలి. అయితే అతని విషయంలో ఆ దారి పట్టేలోగా అగ్రిమెంటు గడువే తీరిపోతుంది. అందుకే ఉత్తరంలో ఏడు రోజులని అడిగాం.

జూలై 24న ఉత్తరం ఇచ్చాడు. నాలుగో రోజు బ్రాంచి నుంచి ఫోను వచ్చింది. ఫైలు ఆగింది లీగల్ ఒపీనియన్ దగ్గర. స్థలం మొదటి యజమానికి ఎలా వచ్చిందో చూపే 1996 నాటి భాగపరిష్కార దస్తావేజు లింకు డాక్యుమెంట్లలో లేదని ప్యానెల్ అడ్వకేటు జూన్ నెలాఖరులోనే రాశారు. ఆ మెయిలు బ్రాంచిలో ఒక ఆఫీసరుకు వచ్చింది, ఆయన బదిలీపై వెళ్లిపోయారు. కొత్తగా వచ్చినాయన దాన్ని తెరవలేదు. అతనికి చెప్పినవాళ్లు లేరు.

ఫోనులో చెప్పింది చాలదు, జాబితా రాతలో ఇవ్వమని అడగమన్నాను. అదేరోజు సాయంత్రం మెయిలు వచ్చింది, అందులో కావలసింది ఆ దస్తావేజు ఒక్కటే. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టి తీసుకుని, దాన్ని కూడా రసీదు రాయించుకునే ఇచ్చాడు. ఈలోగా అమ్మేవాళ్లతో మాట్లాడి, గడువును సెప్టెంబరు 5 దాకా పొడిగిస్తూ అగ్రిమెంటు వెనకాల రాయించి సంతకాలు తీసుకున్నాం. బ్యాంకు ఆలస్యం అమ్మేవాళ్లను కట్టిపడేయదు కదా.

ఆగస్టు రెండోవారంలో మంజూరు పత్రం వచ్చింది, 28 లక్షలకు కాదు, 26కి. ఇంజనీరు ఫ్లాటు విలువ 33 లక్షలే కట్టారు. దాని మీద కూడా ఉత్తరం రాద్దామన్నాడు. వాల్యుయేషన్ తక్కువ వేశారంటే మళ్లీ చూడమని విన్నవించుకోవచ్చు గానీ, అది ఫిర్యాదుతో తేలే సంగతి కాదని, ఫైలు మళ్లీ వెనక్కి వెళితే సెప్టెంబరు 5 కూడా దాటిపోతుందని చెప్పాను. తక్కువపడిన రెండు లక్షలకు పీఎఫ్‌లో దరఖాస్తు పెట్టుకున్నాడు.