బామ్మగారూ... భోంచేశారా?

మా తమ్ముడు హనోయ్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. మరదలు బంగారం. ఆ ఇంట్లో అందరికన్నా పెద్దది వాళ్ల బామ్మ. ఆమెకు వియత్నామీస్ తప్ప మరో ముక్క రాదు. ఫోన్లో కనిపించినప్పుడల్లా ఆవిడ నవ్వడం, నేను దండం పెట్టడం... ఎన్నాళ్లిలా? కనీసం ‘భోంచేశారా?’ అనైనా అడగాలనిపించింది.

మరదలు వాక్యం చెప్పింది. తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. ‘బా అన్ కమ్ చుఅ ఆ?’ బా అంటే బామ్మ. అన్ అంటే తినడం. కమ్ అంటే అన్నం. చుఅ అంటే ‘ఇంకా లేదా?’ అని. చివరి ఆ మన ‘అండీ’ లాంటిది. అచ్చంగా మన ‘అన్నం తిన్నారాండీ?’నే కదా, ఇందులో కష్టమేముంది అనుకున్నాను. నాలుగు రోజులు బట్టీపట్టి, ఐదో రోజు ఎంతో ఆప్యాయంగా అడిగేశాను.

బామ్మ అయోమయంగా మనవరాలివైపు తిరిగి ఏదో అంది. ‘ఏమంటోందీ అమ్మాయి?’ అని అడిగిందట.

నా తప్పు అక్షరాల్లో లేదు, ఆప్యాయతలో ఉంది! మనం ఎవరినైనా పిలిచేటప్పుడు గొంతు కాస్త పైకి లేస్తుంది. ప్రశ్న అడిగితే వాక్యం చివర ఇంకాస్త లేస్తుంది. తెలుగులో ఆ రాగం వాక్యానిది, మన మనసుది. ‘వచ్చాడు’ అన్న మాటను తేల్చి చెప్పినా, సాగదీసి అడిగినా వచ్చినవాడు వచ్చినవాడే. వియత్నామీస్‌లో మాత్రం రాగం ఆ మాటకే చెందుతుంది. ‘బా’ గొంతు దిగుతూ పలికితే బామ్మ. నేను పైకి లేపేసరికి ఉత్తరాదిలో పెద్దమ్మను పిలిచే మాటైంది. ‘చుఅ’ను సమంగా పలికితే ‘ఇంకా లేదా’. నేను ప్రశ్నలా లేపేసరికి ‘పట్టడం, నిలవ ఉంచడం’ అనే వేరే మాటైపోయింది. వెరసి, పెద్దమ్మనూ అన్నాన్నీ నిలవ చేయడం గురించి ఏదో అడిగానన్నమాట!

‘వదినా, నేను మీ పాలు, పళ్లు దగ్గర పడిన పాట్లే ఇవి’ అంది మరదలు. నిజమే. కొత్తలో తను పాలు అడిగితే అమ్మ పళ్లు తెచ్చిపెట్టేది. దీర్ఘం మనకు చెవిలోనే తెలిసిపోతుంది. తనకు ఆ తేడా వినపడేది కాదు. వాళ్ల స్వరాలు మనకు వినపడనిదీ అలాగే.

హనోయ్ మాటతీరులో స్వరాలు ఆరు. సంగీతంలోలా శ్రుతి కలపక్కర్లేదు. ఎవరి గొంతుకు వాళ్లదే ఎత్తూ పల్లమూ. నా వాక్యానికి కావలసినవి మొదట మూడే. ఒకటి సమస్వరం. హార్మోనియం మెట్టు నొక్కిపట్టినట్టు కదలకుండా ఉంటుంది. ‘అన్’, ‘కమ్’, ‘చుఅ’ మూడూ ఇవే. రెండోది దిగుస్వరం. నిట్టూరుస్తూ ‘అంతేలే’ అన్నప్పటి జారుడు. ‘బా’ ఇదే. మూడోది బరువు స్వరం. కిందికి దిగి, గొంతులోనే టక్కున తెగిపోవాలి. బస్తా ఎత్తేటప్పుడు ‘హు’ అని ఊపిరి బిగబట్టినట్టు. వాళ్లు దీన్ని ‘నాంగ్’ అంటారు. ఆ మాటకు అర్థం కూడా బరువే. చివరి ‘ఆ’ ఈ కోవలోది. అసలు చిక్కంతా అక్కడే. మనం ‘అండీ’ని ఎంత సాగదీస్తే అంత మర్యాద. అక్కడ ఎంత టక్కున తుంచితే అంత సరిగ్గా ఉంటుంది. తుంచకుండా దిగుతూ సాగదీస్తే అది ‘ఓహో, అలాగా?’ అనే ఇంకో ‘ఆ’ అయిపోతుంది.

మరదలు ముందుగా నా నోరు మూయించింది. ‘మాట్లాడొద్దు, విను’ అంది. రాసుకున్న కాగితం కూడా లాగేసుకుంది. కాగితం చూస్తే కన్ను జవాబు చెప్పేస్తుంది, చెవి బద్ధకిస్తుంది. ‘బా’ను సమంగా పలికితే ‘మూడు’, దిగుతూ పలికితే ‘బామ్మ’. ఈ రెండింటినీ కలగాపులగంగా ఇరవైసార్లు రికార్డు చేసి పంపింది. నేను విని ఒకటా, రెండా అని వరసగా రాసుకోవాలి. తర్వాత తన జాబితాతో సరిచూసుకోవాలి. మొదటిరోజు పదకొండు ఒప్పయ్యాయి. సంబరపడబోయాను గానీ బొమ్మా బొరుసూ వేసినా పది వస్తాయిగా! వారం తర్వాత పద్దెనిమిది వచ్చాయి. అప్పుడు తమ్ముడి మామగారి గొంతుతో మరో ఇరవై పంపింది. మళ్లీ పదమూడుకు పడిపోయాను. అంటే నేను నేర్చుకున్నది స్వరాన్ని కాదు, మరదలి గొంతును. ఇద్దరు ముగ్గురి గొంతుల్లో వింటేగానీ చెవికి అసలు తేడా పట్టుబడదు.

రెండో వారం కూనిరాగం. అక్షరాలు వదిలేసి, పెదవులు మూసి వాక్యాన్ని ‘ఊఁ’లతోనే పలకాలి. ఒక దిగుడు, మూడు సమాలు, ఒక తెంపు. ఇలా చేస్తే మన ప్రశ్నరాగం ఎక్కడ దూరుతోందో ఇట్టే దొరుకుతుంది. ఆ తర్వాత తన వాక్యం, వెంటనే నాది, పక్కపక్కన రికార్డు చేసుకుని విన్నాను. ఒక గుర్తు పెట్టుకున్నాను. నా చెవికి నా గొంతు మర్యాదగా వినపడితే తప్పు పలికినట్టే. ఏదో బల్లమీద రాసింది చదివినట్టు పొడిగా ఉంటే ఒప్పు!

మిగతా మూడింటిలో పైకి లేచే స్వరం మనకు సులువే. సరిగా వినపడక ‘ఆఁ?’ అంటామే, అలా. అక్కడ చిన్నవాళ్లు పెద్దల దగ్గర ‘నేను’ అనరు, మనవల వరసలో ‘చావ్’ అంటారు. అది ఈ స్వరమే. నేను ‘చావ్, చావ్’ అని సాధన చేస్తుంటే ‘సందెవేళ చావుమాటలేమిటే’ అని అమ్మ కసిరింది. ఇక చివరి రెండూ నాకింకా పూర్తిగా లొంగలేదు. ఒకటి కిందికి వంగి మెల్లగా లేచేది. మాటల ఒరవడిలో ఆ లేవడం తరచూ ఉండదు, వంగడమే మిగులుతుంది. రెండోది మధ్యలో గొంతు పగిలి పైకి ఎగిరేది. దక్షిణాదిన హోచిమిన్ సిటీలో ఈ రెండింటినీ ఒకేలా పలుకుతారు. అందుకే నేర్చుకునేవాళ్లు ఏ ఊరి గొంతు వింటున్నారో ముందే చూసుకోవాలి. రెండూ కలిపి వింటే తికమకే.

మూడు వారాలయ్యాక ఒక సాయంత్రం ఫోన్ చేశాను. మనకు ఆరైతే వాళ్లకు ఏడున్నర. పొడిపొడిగా, బల్లమీద చదివినట్టే అడిగాను.

బామ్మ ఈసారి మనవరాలివైపు తిరగలేదు. ‘అన్ జోయ్’ అంది. తినేశాను అని. ఆ ‘జోయ్’ జారడం స్పష్టంగా వినిపించింది. వెంటనే మరో మాటంది. గొంతు ఎక్కడా లేవలేదు, ఏదో కబురు చెబుతున్నట్టు సమంగా ఆగిపోయింది. నెల కిందటైతే నవ్వి దండం పెట్టేసేదాన్ని. కానీ మొదట్లో పైకి లేచిన ‘చావ్’, చివర కదలకుండా నిలిచిన ‘చుఅ’ చెవిన పడ్డాయి. ఆవిడ నన్ను అడుగుతోంది, నువ్వు తిన్నావా అని.

‘చుఅ ఆ’ అన్నాను. ఇంకా లేదండీ అని. ‘అండీ’ని టక్కున తుంచి మరీ.