ఆ పేరు ముందుగా ఎవరు చెప్పారు?

మెట్టుగూడలోని మా ఖాలాకు జుహర్ నమాజు వేళ ఒక ఫోను వచ్చింది. "దాదీ, నేను" అంటూ ఏడుపు. ఆమె కంగారుగా మనవడి పేరు పలికారు. అవతలివాడు ఆ పేరునే పట్టుకున్నాడు. ప్రమాదం చేశాడట, పోలీసు స్టేషనులో ఉన్నాడట, వెంటనే 50,000 పంపాలట, అబ్బాకు చెప్పరాదట! గొంతు వాడిదేనని ఖాలా అన్నారు. నేడు గొంతును యంత్రమూ అనుకరించగలదు గనుక అది సాక్ష్యం కాదు.

కోడలు ఫోను పెట్టించి, తన వద్దనున్న అబ్బాయి నంబరుకు చేసింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. అందరి గుండెలూ జారినది ఇక్కడే. కానీ ఎత్తకపోవడం ఆ కబురుకు రుజువా? వార్తను విచారించుకొమ్మనే హుజురాత్ సూరా 6వ ఆయత్ ఇలాంటి ఘడియకే. హాస్టలు వార్డెనును అడిగితే, అబ్బాయి పరీక్ష రాస్తున్నాడని తేలింది.

మళ్లీ ఆ ఫోను మోగింది. "ఇంట్లో నిన్నేమని పిలుస్తాం?" అన్నారు ఖాలా. లైను తెగింది. డబ్బు పోయివుంటే 1930కు చేయవలసివచ్చేది. పోలేదు గనుక ఆ నంబరును సంచార్ సాథీలోని చక్షుకు తెలిపారు.