యాడి వయసెంత?

మా తాండాలో పెద్దవాళ్లను వయసడిగితే అంకె చెప్పరు. "పెద్ద కరువు వచ్చినప్పుడు నేను మేకలు మేపుతున్నా" అంటారు. మా యాడి కూడా అంతే. కానీ ఆమె ఆధార్ కార్డులో పుట్టిన సంవత్సరం 1968 అని ఉంది. ముఖం చూసి ఎవరో వేసిన అంకె అది. నా సర్టిఫికెట్ల ప్రకారం నేను పుట్టింది 1980 జూన్ 1న. అక్క నాకంటే మూడేళ్లు పెద్దది. ఆ లెక్కన అక్క పుట్టేనాటికి యాడికి తొమ్మిదేళ్లు!

నా తేదీ మాత్రం నిజమా? బడిలో చేర్చిన రోజు అయ్యవారు ఏదో ఒకటి రాసుకున్నారు. అదే నా సర్వీసు రిజిస్టరులోకి ఎక్కింది. దాన్ని బట్టి 62 నిండేసరికి, అంటే 2042 మే 31న, నేను రిటైరవుతాను. ఆ 62 కూడా స్థిరమైనది కాదు. 1983లో రిటైర్మెంటు వయసును 55కు తగ్గించారు. తర్వాత మళ్లీ 58 చేశారు. 2014లో 60 అయింది, 2022లో 62 అయింది. మారింది మనిషి ఒళ్లు కాదు, జీవో.

వృద్ధాప్య పింఛనుకు అందరికీ 60 ఏళ్లు నిండాలి, గిరిజనులకు 50 చాలు. కూలి పనులతో మన ఒళ్లు ముందే అరిగిపోతుంది కాబట్టి అది న్యాయమే. నాకు ఉద్యోగం రాక, పీటీయం చుట్టుపక్కల టమాటా తోటల్లో కూలికి పోయి ఉంటే, ఇంకొన్నేళ్లకే సర్కారు లెక్కలో ముసలివాణ్ణి. బడిలో ఉన్నాను కాబట్టి 62 దాకా కాను. మనిషిని నేనొక్కణ్ణే, తేడా మాత్రం పన్నెండేళ్లు.

యాడికి పింఛను రాదు. మా ఇద్దరిదీ ఒకే రేషన్ కార్డు, అందులో ప్రభుత్వ ఉద్యోగిని నేనున్నాను. పక్కింటి పెద్దమ్మకు ఒకటో తేదీన ఇంటికొచ్చి నాలుగు వేలు ఇచ్చిపోతారు. నేనూ అదే రోజు యాడి చేతిలో నాలుగు వేలు పెట్టడం మొదలుపెట్టాను. ఆమె తీసుకుని, "ఇది నీ జీతం రా. ఆమెది ఆమె పేరు మీద వస్తుంది" అంది. నాకు జవాబు దొరకలేదు.

కార్డు వేరు చేయించుకోమని కొందరు చెప్పారు. అలా చేయించుకున్న ఇళ్లను చూశాను. కాగితం మీద వేరైన పొయ్యి కొన్నాళ్లకు నిజంగానే వేరైంది. నాకు మనసొప్పలేదు.

తాండాలో పెళ్లి మాటలైతే యాడి వచ్చి కూర్చునేదాకా మొదలుకావు. అక్కడ ఎవరూ ఆమె కార్డు అడగరు.

ఇప్పుడు జూన్‌లో పిల్లల్ని చేర్చుకునేటప్పుడు నేను జనన ధ్రువపత్రం అడుగుతాను. అది లేకపోతే తల్లిని కూర్చోబెట్టి, ఏ పండగకు పుట్టాడు, ముందూ వెనకా ఎవరు పుట్టారు, వాళ్ల మధ్య ఎన్నేళ్లు అని అడిగి లెక్క సరిచూస్తాను. ఆలస్యమైనా ఊరికే జూన్ 1 అని రాయను. ఆ గడిలో నేను రాసిన అంకే వాడి ముసలితనం ఎప్పుడు మొదలవుతుందో చెబుతుంది.