మా తమ్ముని హోటల్ వెల

చంద్రగిరి కోటకు వెళ్ళే దారిలో మా తమ్ముడు పదకొండేళ్ళుగా నడిపిన బిర్యానీ హోటల్‌ను మోకాళ్ళ నొప్పుల వలన అమ్మదలచాడు. లెక్కలు చూడమని మమ్మల్ని అడిగాడు. మద్రసాలో వారసత్వపు వాటాలు బోధించే మాకు కూడికలు కొత్త కాదు గాని, హోటల్ లెక్క వేరు.

మొదట పన్నెండు నెలల పుస్తకాలు ముందు వేసుకున్నాము. రంజాన్ పగళ్ళలో బేరం ఉండదు. సెలవుల్లో కోటకు జనం వస్తారు. మంచి మూడు నెలలు మాత్రమే చూపితే అది లెక్క కాదు. రోజువారీ నోటుబుక్కును బ్యాంకు ఖాతాతోను, బియ్యం బిల్లులతోను సరిచూశాము. కిలో బియ్యానికి వారి డేక్సాలో ఎనిమిది ప్లేట్లు వస్తాయి. తెలిసిన కొనుగోలుదారు అడిగేది ఇదే. ఒక నెల అమ్మకం బియ్యానికి మించి కనిపించింది. విచారిస్తే, ఒక వలీమాకు పెళ్ళివారి బియ్యంతోనే వండిన కూలి అందులో కలిసింది. ఏటా వచ్చేది కాదు గనుక దానిని తీసివేశాము.

సగటున నెలకు 58,000 రూపాయలు మిగులు తేలింది. రెండేళ్ళ మిగులు 13,92,000, సామాను 3,10,000, మొత్తం పదిహేడు లక్షలు అడుగుదామన్నాడు తమ్ముడు. సామానుకు వేసినది కొన్న ధర కాదు, ఈనాడు పాత సామాను వ్యాపారి ఇచ్చే ధర. అంతవరకు సరే.

“వంట ఎవరు చేస్తున్నారు?” అని అడిగాము.

“నేనే కదా, భాయిజాన్.”

“గల్లాలో?”

“మీ కోడలు.”

ఇద్దరికీ జీతం రాయలేదు. కొన్నవాడు బిర్యానీ మాస్టరుకు 28,000, గల్లాలో మనిషికి 14,000 ఇవ్వక తప్పదు. అప్పుడు మిగిలేది 16,000. రెండేళ్ళకు 3,84,000, సామానుతో కలిపి 6,94,000. తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. పదకొండేళ్ళు మిగులనుకున్నదంతా దాదాపు వారిద్దరి కూలియేనని తెలియడం చిన్న దెబ్బ కాదు.

ఇంటి యజమానితో ఒప్పందం పద్నాలుగు నెలలే మిగిలింది. ఈ సంగతి అడిగితే చెబుదామన్నాడు. తడిసిన ధాన్యాన్ని పొడి గింజల క్రింద దాచిన వర్తకుని హదీసు అతనికి తెలియనిది కాదు. మొదటి కాగితంగా దానినే పెట్టించాము. ఆహార భద్రత లైసెన్సు తమ్ముని పేరిటిది, అమ్మకంలో చేరదు, కొన్నవారు తమ పేర తీసుకోవాలి అని కూడా వ్రాశాము. యజమాని వద్దనున్న అడ్వాన్సును వెలలో కలపక విడిగా చూపాము.

ఇద్దరు వచ్చి, ఒప్పందం గడువు చూసి వెనుదిరిగారు. మూడవవాడు తిరుపతిలో మాస్టరుగా పనిచేస్తున్న యువకుడు. తానే వండుకుంటాడు గనుక ఆ 28,000 అతని ఇంటనే ఉంటుంది. అందుకే ఎక్కువ బేరమాడలేదు. యజమాని మరో ఐదేళ్ళకు సంతకం చేస్తేనే బయానా ఇస్తానన్నాడు. వారం రోజులు తిరిగి ఆ సంతకం తెచ్చాము. 6,60,000కు బేరం కుదిరింది. నెల రోజులు తమ్ముడు దగ్గరుండి మసాలా పాళ్ళు నేర్పాలని ఒప్పందంలో వ్రాసుకున్నారు. ఇప్పుడు రోజూ ఫజర్ తరువాత అక్కడికే వెళ్తున్నాడు, కుర్చీలో కూర్చుని చెప్పడానికి.