స్వెటరు మీద లేచే ఉండలు

డిసెంబరు నెల వచ్చిందంటే మా సారపాకలో గోదావరి మీదనుండి లేచిన మంచు పొద్దెక్కేదాకా వదలదు. పేపరు మిల్లులో రాత్రి షిఫ్టు దిగి వచ్చేవారు మఫ్లర్లు చుట్టుకొని సైకిళ్ల మీద ఇళ్లకు పోతుంటే, మేము అదే వేళకు గూడేలలో కూడికలకు బయలుదేరుతుంటాము. అడవి దారిలో బండి మీద వెళ్లేటప్పుడు చలి ఛాతీలోకి దిగుతుంది. అందుకని మాకు ఒక స్వెటరు ఉంది. ముదురు నీలం రంగుది, మా అత్తగారు తన చేతులతో అల్లి ఇచ్చినది. అది అల్లిన మరుసటి సంవత్సరమే ఆమె ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. ఆమె చేతి పని మా ఇంట్లో మిగిలింది అదొక్కటే. ఈ మాట ఎందుకు చెబుతున్నామంటే, దానిని మేమే మా చేతులతో దాదాపు పాడుచేసుకున్నాము.

రెండు చలికాలాలు తొడిగేసరికి దాని కుడిపక్క, చంక కింది నుండి నడుము వరకు, చిన్నచిన్న ఉండలు లేచాయి. ఆవగింజంతవి కొన్ని, మిరియపు గింజంతవి కొన్ని. ఎడమపక్క మాత్రం శుభ్రంగా ఉంది. కారణము తెలియక, ఊలు మంచిది కాదేమో అనుకున్నాము. ఒక సాయంకాలము కూర్చొని గోళ్లతో ఒక్కొక్క ఉండను పీకడం మొదలుపెట్టాము. పీకుతుంటే చేతికి బాగానే వస్తాయి, మనస్సుకు తృప్తిగా కూడా ఉంటుంది. గంటన్నరలో అగ్గిపెట్టె నిండింది. స్వెటరు కొత్తదానిలా కనబడింది. కాని పదిరోజులు తొడిగేసరికి ఉండలన్నీ మళ్లీ వచ్చాయి, ముందుకంటే ఎక్కువగా. ఈసారి ఓపిక నశించి, గడ్డము గీసుకొనే బ్లేడును వేళ్లతో పట్టుకొని గీకాము. జేబు దగ్గర కొద్దిగా ఎత్తుగా ఉన్న చోట అల్లిక తెగింది. తెగిన కుట్టు నుండి కింది కుట్టు, దాని నుండి ఇంకొకటి జారి, అంగుళము పొడవు నిచ్చెనలాగా విడిపోయింది. మా ఇల్లాలు ఏమీ అనలేదు. స్వెటరును మడిచి పెట్టెలో పెట్టేసింది. ఆమె ఏమైనా అని ఉంటే బాగుండేది.

మా సంఘములో మిలిటరీలో పనిచేసి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. మంచు కురిసే చోట్ల ఉద్యోగము చేసిన మనిషి, ఊలు జెర్సీలను ఎలా చూసుకోవాలో చేతికి తెలిసినవాడు. ఆయనకు చూపిస్తే ముందు పిన్నీసు తెమ్మన్నారు. జారిన కుట్టును పిన్నీసుతో పట్టి ఆపి, "అమ్మగారి ఊలు ఏమైనా మిగిలిందా అయ్యగారూ?" అన్నారు. బిస్కెట్ డబ్బాలో చిన్న ఉండ మిగిలి ఉంది. క్రోషా సూదితో జారిన కుట్లను ఒక్కొక్కటే పైకి ఎక్కించి, తెగిన కొసలను అదే ఊలుతో లోపలివైపు కుట్టారు. ఇప్పుడు వెదికితే తప్ప కనబడదు. ఆ పని చేస్తూనే ఆయన మాకు చెప్పినది, తరువాత మేము చేసి తెలుసుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాము.

ఊలు దారము మన నూలు దారములా గట్టిగా పురిపెట్టినది కాదు. మెత్తగా, వెచ్చగా ఉండాలని వదులుగా పురి పెడతారు. దానిలో వెంట్రుకలవంటి పోగులు వందలుగా ఉంటాయి. రాపిడి తగిలిన చోట ఆ పోగుల కొసలు బయటికి వస్తాయి. మొదట అది నూగులాగా కనబడుతుంది. రాపిడి ఆగకపోతే ఆ నూగు ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉండ అవుతుంది. ఉండ ఊడి పడకుండా దానిని కొన్ని పోగులు వేళ్లలాగా దారములోనే పట్టుకొని ఉంటాయి. గోటితో పీకినప్పుడు ఉండతోపాటు ఆ పోగులు కూడా కొంత మేర బయటికి లాగబడతాయి. లాగబడినవే కొత్త నూగు, కొత్త ఉండలు. మా పదిరోజుల సంగతి అదన్నమాట. పైగా పీకిన ప్రతిసారి దారము సన్నబడుతుంది. కాబట్టి ఉండను లాగకూడదు, మొదట్లో కత్తిరించాలి.

మరి మా స్వెటరుకు కుడిపక్కనే ఎందుకు? పెద్దాయన నవ్వి, "బైబిలు సంచి ఏ భుజానికి వేసుకుంటారండీ?" అని అడిగారు. అప్పటికిగాని మాకు తట్టలేదు. ముతక క్యాన్వాసు సంచి, లోపల బైబిలు, కీర్తనల పుస్తకము. బండి మీద ప్రతి గుంతకూ అది నడుముకు రాసుకుంటుంది.

తీసే పద్ధతి ఇది. స్వెటరు పూర్తిగా పొడిగా ఉండాలి. తడి ఊలు బలహీనంగా ఉంటుంది, సాగిపోతుంది. బల్ల మీద మడత లేకుండా పరచి, ఉండలున్న చోటును ఒక చేతితో కొద్దిగా బిగువుగా పట్టుకోవాలి. సాగదీయకూడదు, ముడత పోతే చాలు. పెద్ద ఉండలను చిన్న కత్తెరతో తీయాలి. కత్తెరను అల్లికకు సమాంతరంగా పడుకోబెట్టి, ఉండను వేలితో కొద్దిగా పైకి లేపి, దాని మెడ దగ్గర కత్తిరించాలి. కత్తెర మొన అల్లిక వైపు చూడకూడదు.

చిన్నవి వందల్లో ఉంటే కత్తెరతో తెమలదు. అప్పుడు పిడి ఉన్న రేజరు వాడవచ్చును, వట్టి బ్లేడు మాత్రము వద్దు. బాగా పదునైన కొత్త రేజరు కంటే రెండు మూడుసార్లు గీసుకున్నది నయము. దానిని ఒరిగించి, దాని బరువే తప్ప చేతి బరువు వేయకుండా, ఒకే దిక్కుకు పొట్టిగా లాగాలి. ముందుకూ వెనక్కూ తోమకూడదు. కుట్టు కలిసిన చోట్లు, జేబు అంచు, గుండీల పట్టీ, మణికట్టు దగ్గర గాడులుగా ఉండే అల్లిక, వీటి దగ్గర రేజరు పెట్టకూడదు. ఎత్తుగా ఉన్నదేదైనా బ్లేడుకు దొరుకుతుంది. మా స్వెటరు తెగింది అక్కడే. ఇప్పుడు బ్యాటరీతో నడిచే చిన్న యంత్రాలు కూడా వస్తున్నాయి. చిల్లుల రేకు వెనుక బ్లేడు తిరుగుతుంది, ఉండ చిల్లులోకి దూరినప్పుడే తెగుతుంది. రేజరు కంటే ఇది క్షేమము. అయినా అదిమిపెడితే అల్లిక కూడా చిల్లులోకి ఉబ్బి తెగుతుంది. ఆనీ ఆననట్టు తిప్పాలి.

ఎక్కడ ఆపాలో తెలియడమే అసలు పని. నాలుగైదుసార్లు తీసిన తరువాత స్వెటరును కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూడండి. చుట్టుపక్కల కంటే ఆ చోట వెలుతురు ఎక్కువగా కనబడితే దారము పలచబడిందని అర్థము. అక్కడ ఇక ముట్టుకోవద్దు. కొద్దిపాటి నూగు ఉన్నా ఉండనివ్వాలి. అంతా నున్నగా చేయాలని కూర్చుంటే మిగిలేది వల.

ఇంకొక సంగతి. మనము ఊలు స్వెటరు అనుకొని కొనేవన్నీ ఊలు కావు. చలికాలములో పట్టణాల ఫుట్‌పాత్‌ల మీద అమ్మేవాటిలో చాలావరకు ఆక్రిలిక్, అంటే నైలానువంటి కృత్రిమ పోగు. తెలుసుకోవాలంటే లోపలి కుట్టు దగ్గర వ్రేలాడే చిన్న దారపు ముక్కను కత్తిరించి, పట్టకారుతో పట్టి, సింకు దగ్గర నిప్పు చూపించండి. పిల్లలను దూరముగా ఉంచండి. ఊలు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలిన మసి వేళ్ల మధ్య పొడి అవుతుంది. ఆక్రిలిక్ అయితే కరిగి, చల్లారాక గట్టి నల్లపూసలా నిలుస్తుంది. రెండూ కలిసినవి కూడా ఉంటాయి. ఈ తేడా ఎందుకంటే, ఊలు పోగు బలహీనము గనుక ఉండలు కొంత కాలానికి తామే తెగి రాలతాయి. వదులుగా ఉన్న పోగులు అయిపోయేకొద్దీ కొత్తవి తగ్గుతాయి. కృత్రిమ పోగు తెగదు, ఉండను పట్టుకొనే ఉంటుంది. అటువంటి స్వెటరుకు ప్రతి సంవత్సరము ఈ పని తప్పదు. మన కురుమవారు నేసే గొంగడి సంగతి వేరు. దక్కను గొర్రె వెంట్రుక ముతకది, బిరుసైనది, వంగి పెనవేసుకోవడానికి అంత సులువుగా లొంగదు. మెత్తదనము కోరుకున్నవారికి ఉండలు కూడా వస్తాయి!

మళ్లీ రాకుండా పూర్తిగా ఆపలేము, ఆలస్యము చేయగలము. మేము సంచిని ఇప్పుడు బండి ముందు కొక్కేనికి తగిలిస్తున్నాము. నడవవలసివస్తే ఒకరోజు ఈ భుజము, ఒకరోజు ఆ భుజము. స్వెటరును వరుసగా రోజూ తొడగము, మధ్యలో ఒకరోజు గాలికి ఆరవేస్తాము.

ఉతుకుడు దగ్గర మన ఇండ్లలో పెద్ద పొరపాటు జరుగుతుంది. బండ మీద బాదడము, బ్రష్షు వేయడము, వేడి నీళ్లు, చాకలి సోడా, ఇవన్నీ ఊలుకు శత్రువులు. ఊలు పోగు మీద చేప పొలుసుల వంటి పొలుసులుంటాయి. వేడి, రాపిడి కలిసినప్పుడు అవి ఒకదానిలో ఒకటి చిక్కుకొని బట్ట కుదించుకుపోతుంది. కుదించుకున్నది మళ్లీ రాదు. మా అత్తగారు తన ఊలు బట్టలను కుంకుడు రసముతోనే ఉతికేవారు. గుప్పెడు కుంకుడుకాయలను గింజ తీసి, వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిసికి, తొక్కలు లేకుండా గుడ్డతో వడకట్టాలి. దానిని అర బకెట్టు చల్లని నీటిలో కలపాలి. స్వెటరును లోపలివైపు బయటికి తిప్పి, పది నిమిషములు నానబెట్టి, అరచేతులతో అదిమి వదులుతుండాలి, రుద్దకూడదు. తిప్పి ఉతికితే రాపిడి ఏదైనా లోపలి ముఖానికే తగులుతుంది. అంతే చల్లని నీటితో జాడించి, పిండకుండా, పొడి తువాలులో చుట్టి అదిమితే నీళ్లు తువాలు త్రాగేస్తుంది. తరువాత నీడలో మంచము మీద పరచాలి. తీగకు వ్రేలాడదీస్తే నీటి బరువుకు నిలువునా సాగుతుంది. చలికాలమంతటిలో మేము రెండుసార్లకు మించి ఉతకము.

ఈ పద్ధతిలో చేసిన తరువాత క్రిందటి చలికాలము కుడిపక్క కత్తెర పెట్టవలసివచ్చింది ఒక్కసారే, అదీ సంక్రాంతి దాటాక. రాలిన ఉండలు అగ్గిపెట్టెలో సగము కూడా రాలేదు. మా ఇల్లాలు స్వెటరును కిటికీకి ఎత్తిపట్టి చూసి, జేబు దగ్గరి అతుకును వేలితో ఒకసారి తడిమి, మళ్లీ మా చేతికిచ్చింది.