తగ్గిపోయింది కదండీ!

కుడి పక్కటెముకల కింద నొప్పితో వచ్చేవాళ్ల దగ్గర నన్ను బాగా విసిగించే మాట ఒక్కటే: “తగ్గిపోయింది కదండీ.” స్పెషలిస్టుకు చీటీ రాసిచ్చి, దారి చెప్పి, ఆరోగ్యశ్రీ కార్డు మరిచిపోవద్దని హెచ్చరించి పంపుతాను. తెల్లారేసరికి నొప్పి ఉండదు. చీటీ బీరువాలోకి పోతుంది.

నొప్పి ఎందుకు తగ్గుతుందో తెలిస్తే ఆ మాట అనరు. పిత్తాశయం కాలేయం కింద ఉండే చిన్న సంచి. నూనె, నెయ్యి పడ్డ భోజనం చేయగానే అందులోని పైత్యరసాన్ని పేగులోకి పంపడానికి అది బిగుసుకుంటుంది. లోపల రాయి ఉంటే సీసాకు బిరడాలా మూతి దగ్గర అడ్డుపడుతుంది. సంచి ఎంత బిగిస్తే నొప్పి అంత. కొన్ని గంటలకు రాయి వెనక్కి జారుతుంది, నొప్పి పోతుంది. రాయి మాత్రం లోపలే ఉంటుంది.

అలా వచ్చిన ఒకామెకు నలభై మూడేళ్లు. ఎనిమిది నెలలుగా అందరూ గ్యాస్ అన్నారు. ఊళ్లో ఆర్.ఎం.పి. నొప్పి వచ్చినప్పుడల్లా ఇంజెక్షన్ ఇచ్చాడు, పరగడుపున వేసుకోమని మాత్ర ఇచ్చాడు. చుట్టాలెవరో కొండపిండి ఆకు కషాయం తాగించారు. అది కిడ్నీ రాళ్లకు వాడే నాటుమందు. నీళ్లు ఎక్కువ తాగితే రాయి మూత్రంలో పోతుందన్న ఆశకు ఇక్కడ చోటే లేదు, మూత్రం పిత్తాశయంలోంచి రాదు కదా. నేను ఇసిజి తీశాను, గుండెది కాదని తేలింది. పరగడుపున స్కానింగ్‌కు పంపితే రాళ్లు కనిపించాయి. పెద్దది 12 మిల్లీమీటర్లు.

ఇక చీటీ. చాలామంది “కడుపునొప్పి, దయచేసి చూడగలరు” అని ఒక్క ముక్క గీకి పంపుతారు. నాకు ఒళ్లు మండుతుంది. స్పెషలిస్టు ఆమెను చూసేది నొప్పి లేని రోజున. పొట్ట నొక్కితే మెత్తగా ఉంటుంది, ఆమె నవ్వుతూ మాట్లాడుతుంది. నొప్పి వచ్చిన రాత్రి ఎలా ఉందో చూసినవాడిని నేను. అది ఆయనకు చేరాల్సింది నా రాతలోనే. అందుకే ఇలా రాశాను:

“ఎనిమిది నెలలుగా విడతలు విడతలుగా నొప్పి. రాత్రి భోజనమైన రెండు మూడు గంటలకు మొదలై, మూడు నాలుగు గంటలు విడవకుండా ఉండి, తనంతట తగ్గుతుంది. కుడి భుజం వెనక్కి పాకుతుంది. వాంతి అయినా, తేన్పు వచ్చినా ఉపశమనం లేదు. నొప్పి ఉన్నప్పుడు కుడి పక్కటెముకల కింద వేళ్లు పెట్టి ఊపిరి పీల్చమంటే మధ్యలో ఆగిపోయింది. జ్వరం లేదు, కళ్లు పచ్చగా లేవు. స్కాన్‌లో రాళ్లు, గోడ మందం మామూలే, పైత్యనాళం 5 మిల్లీమీటర్లు. షుగరు లేదు. సల్ఫా మందు పడదు, దద్దుర్లు వచ్చాయి. ఆపరేషన్ అవసరమనుకుంటున్నాను, మీ అభిప్రాయం కోరుతున్నాను.”

వేరే పనిమీద స్కాన్ తీస్తే బయటపడిన, ఏ బాధా పెట్టని రాళ్లను చాలావరకు అలాగే వదిలేస్తాం. నొప్పి పెట్టడం మొదలుపెట్టిన రాళ్ల సంగతి వేరు. అవి మళ్లీ మళ్లీ పెడతాయి.

తర్వాత ఆమె తన అత్తగారి బీపీ మాత్రల కోసం వచ్చినప్పుడు అడిగాను, “వెళ్లావా అమ్మా?” అని. “తగ్గిపోయింది కదండీ డాక్టరు గారూ. కోతలయ్యాక చూద్దామని మా ఆయన అన్నారు.” కోప్పడ్డాను. ఆమె తల వంచుకుంది. ఇంట్లో మూడు గేదెలు, మంచాన పడ్డ అత్తగారు, పొలంలో వరి. ఆసుపత్రిలో రెండు రోజులుంటే పాలు పిండేదెవరు? కోప్పడటం సులువు. ఆ ప్రశ్నకు నా దగ్గర మాత్ర లేదు.

ఆ చీటీ వెనక, వాళ్లింట్లో చదువుకునేలా, తెలుగులో పెద్ద అక్షరాలతో నాలుగు ముక్కలు రాసిచ్చాను: కళ్లు పచ్చబడినా, మూత్రం డికాషన్ రంగుకు మారినా, చలితో జ్వరం వచ్చినా, నొప్పి ఆరు గంటలు దాటినా అదే రోజు బయల్దేరాలి.

కోతలు అవకముందే ఒక సాయంత్రం భర్త ఆమెను ఆటోలో తీసుకొచ్చాడు. వెనకవైపు చదివి వచ్చానన్నాడు. కళ్లు పచ్చగా ఉన్నాయి, ఒళ్లంతా దురద, వణికించే చలి, జ్వరం 102. రాయి సంచి దాటి పైత్యనాళంలో ఇరుక్కుంది. ఆగిన రసంలో చీము పట్టి రక్తంలోకి పాకితే మనిషి దక్కడం కష్టం. సెలైను పెట్టి, యాంటీబయాటిక్ మొదటి డోసు ఇచ్చి, స్పెషలిస్టుకు ఫోన్ చేసి, రెండో చీటీ రాశాను. అందులో ఇచ్చిన మందు, ఇచ్చిన వేళ, సల్ఫా సంగతి, “ఈ రాత్రే చూడాలి” అన్న మాట తప్ప ఇంకేం లేవు. పాత చీటీని దానికే పిన్ను కొట్టాను.

అక్కడ నోటి ద్వారా ఎండోస్కోపీ గొట్టం పంపి నాళంలోని రాయి తీశారు. జ్వరం తగ్గాక పిత్తాశయాన్ని కూడా తొలగించారు. రెండు రోజులనుకున్నది పన్నెండు రోజులైంది. గేదెల పాలు ఆ పన్నెండు రోజులూ పక్కింటివాళ్లే పిండారు. మొదటే అడిగి ఉంటే రెండు రోజులకూ ఒప్పుకునేవాళ్లమని పక్కింటావిడ నాతో అంది.